చిన్న బేకరీకి కొత్త పేరు: పలుకు, అర్థం, హక్కు
తరచూ అడిగే ప్రశ్నలు

ఇంటి వంటగదిలోనో, వీధి చివర చిన్న షాపులోనో కేకులు, బన్నులు, బిస్కెట్లు చేసి అమ్మేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. కొత్తగా కల్పించిన పేరు మూడు చోట్ల నిలబడాలి. కొనేవాళ్ల నోట సులువుగా పలకాలి, పక్క భాషవాళ్ల చెవిలో తప్పుగా వినపడకూడదు, ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో ఇంకెవరిదీ అయి ఉండకూడదు. ఒకచోట నెగ్గిన పేరు మరోచోట ఓడిపోవడం మామూలే. అందుకే ఒక ఉదాహరణను మూడింటి గుండా నడిపించి చూపించాం.

మా ఊరి పేరో, దేవుడి పేరో పెట్టుకుంటే పోదా? కొత్త మాట కల్పించడం ఎందుకు?

పెట్టుకోవచ్చు, వ్యాపారమూ చేసుకోవచ్చు. చిక్కల్లా ఆ పేరు మీద హక్కు కావాలన్నప్పుడే. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం సరుకు రకాన్నో, గుణాన్నో, అది వచ్చిన ఊరినో మాత్రమే చెప్పే మాటను మామూలుగా రిజిస్టర్ చేయరు. ‘తాజా బ్రెడ్’, ‘కాకినాడ కేక్స్’ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వినగానే జనానికి మీ షాపే గుర్తొస్తుందని రుజువు చేయగలిగితే వేరే సంగతి. నిన్న మొన్న తెరిచిన షాపు దగ్గర ఆ రుజువు ఉండదు.

ఊరి పేరుతో ఇంకో చిక్కు ఉంది. బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు లాంటి వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఆ ప్రాంతంలో వాటిని చేసేవాళ్లందరి ఆస్తి. దాన్ని ఒక్కరు తమ బ్రాండుగా రాయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పవిత్ర గ్రంథాల పేర్లదీ దాదాపు ఇదే దారి. అగరుబత్తులకు ‘రామాయణ్’ అన్న పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

కల్పించిన మాటకు ఈ అడ్డంకులు లేవు. దానికి ముందు నుంచీ అర్థం లేదు కాబట్టి అది ఏ సరుకునూ వర్ణించదు. చట్టం దృష్టిలో అన్నిటికన్నా గట్టి పేరు అదే. కాకపోతే, మీ భాషలో అర్థం లేని మాటకు పక్క భాషలో అర్థం ఉండొచ్చు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

నోరు తిరిగే పేరు ఎలా కల్పించాలి?

రెండు, మూడు అక్షరాలు చాలు. హల్లు వెంట అచ్చు వచ్చేలా పేర్చితే ఏ భాషవాళ్లయినా పలుకుతారు. సంయుక్తాక్షరాలు, ఒత్తులు తగ్గించండి. బేకరీ పనిలో నలిగే మాటల ముక్క తీసుకుని దానికి తోక తగిలించడం ఒక పద్ధతి. నువ్వుల నుంచి ‘నువి’, దోరగా కాల్చడం నుంచి ‘దోర’ తీసుకున్నామనుకోండి. మాట కొత్తదే అయినా తెలుగు చెవికి పరాయిగా ఉండదు.

తర్వాత, పేరు వేరే భాషలోకి దాటి వెళ్లేటప్పుడు మారిపోయే ధ్వనులను గమనించండి. ణ, ళ ఉన్న పేర్లు ఉత్తరాదిలో చాలామంది నోట న, ల అయిపోతాయి. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకూ ఒకటే. ‘గోబి’ అని రాస్తే ‘కోపి’ అని చదివే వీలుంది. బెంగాలీలు ‘వ’ను ‘బ’ అంటారు. అరబ్బీలో ‘ప’ లేదు, అది ‘బ’ అవుతుంది. హిందీలో ఎ, ఒ లకు హ్రస్వ అక్షరాలు మామూలు లిపిలో లేవు. వీటన్నిటికీ దూరంగా ఉండాలని కాదు. మారిన తర్వాత మీ పేరు ఏమవుతుందో ముందే పలికి చూసుకుంటే చాలు.

తెలుగులో బాగానే ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ గురించి కూడా ఆలోచించాలా?

తప్పకుండా. డెలివరీ యాప్‌లో, మ్యాపులో, చాలా బిల్లుల మీద కనపడేది ఇంగ్లీషు అక్షరాలే. అక్కడ హ్రస్వ దీర్ఘాలు కలిసిపోతాయి, ద, డ లు ఒకటవుతాయి. మనం ‘త’ను TH అని రాస్తాం, ఉత్తరాదివాళ్లు దాన్ని ‘థ’ అని చదువుతారు.

తెలుగులో కొండల మధ్య సందుకు, తెగిన కట్టకు ‘గండి’ అంటాం. ఆ పేరుతో షాపు పెట్టి GANDI అని బోర్డు రాస్తే హిందీ వచ్చినవాళ్లు ‘గందీ’ అని చదువుతారు. ఆ మాటకు మురికి అని అర్థం. తినే సరుకు మీద అంతకన్నా చెడ్డ మాట ఉండదు. ఇందులో తెలుగు మాట తప్పేమీ లేదు, స్పెల్లింగ్ తెచ్చిన తంటా అది.

ఎన్ని భాషల్లో చూడాలి? ప్రపంచమంతా గాలించాలా?

అక్కర్లేదు. మీ సరుకు ఎవరి చేతికి వెళ్తుందో వాళ్ల భాషలు చూడండి. హైదరాబాద్‌లో అయితే తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు తప్పనిసరి. చిత్తూరు వైపు తమిళం, అనంతపురం వైపు కన్నడం, శ్రీకాకుళం వైపు ఒడియా, ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు మరాఠీ చేర్చండి. తెలుగులోనే ప్రాంతాల యాసలు వేరని మరవొద్దు. ఒక జిల్లాలో ముద్దు మాట మరో జిల్లాలో తిట్టు కావచ్చు. రేపు డబ్బాల్లో పెట్టి గల్ఫ్‌కో, బెంగళూరుకో పంపే ఆలోచన ఉంటే అక్కడి భాషలనూ ఈ జాబితాలో వేసుకోండి.

దక్షిణాది భాషల మధ్యే వలలు ఎక్కువ, ఎందుకంటే మాటలు ఒకేలా ఉండి అర్థాలు తప్పుతాయి. తెలుగులో ‘పట్టి’ అంటే గారాబు బిడ్డ. మలయాళంలో అదే మాటకు కుక్క అని అర్థం. తమిళంలో ‘పాట్టి’ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. పిల్లల కేకులకు ‘పట్టి’ అని పేరు పెట్టినవాళ్లు కొచ్చిలో షాపు తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దూరపు భాషలో కనపడే ప్రతి దోషానికీ పేరు మార్చుకోనక్కర్లేదు. జర్మన్ వాడుకలో ‘పుఫ్’ అంటే వేశ్యాగృహం, దాని స్పెల్లింగ్ మన పఫ్‌దే. అంతమాత్రాన మన బేకరీల్లో ఎగ్ పఫ్ పేరు మార్చాల్సిన పని లేదు. మెక్సికోలో 1945లో మొదలైన ‘బింబో’ ప్రపంచంలోని పెద్ద బ్రెడ్ కంపెనీల్లో ఒకటి. ఇటాలియన్‌లో ఆ మాటకు పసివాడు అని అర్థం, ఇంగ్లీషు వాడుకలో తెలివితక్కువ అందగత్తె అని ఎకసెక్కం. అయినా కంపెనీ అదే పేరుతో అమెరికాలోనూ అమ్ముతోంది. అంత పెద్ద కంపెనీ ప్రచారంతో నెగ్గుకు రాగలదు. చిన్న బేకరీకి ఆ ఖర్చు తట్టుకోవడం కష్టం కాబట్టి కొనేవాళ్ల భాషలోనే దోషం ఉంటే పేరు వదులుకోవడమే మేలు.

నిఘంటువులు చూస్తే సరిపోతుందా? మనుషులను ఎలా అడగాలి?

నిఘంటువు మొదటి మెట్టు మాత్రమే. బూతులు, వీధి మాటలు, కుర్రకారు కొత్త వెక్కిరింతలు అందులో ఉండవు. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లనే అడగాలి. ఒక్కో భాషకు ఒక పెద్దవారిని, ఒక కాలేజీ వయసువారిని అడిగితే ఇద్దరికీ తెలిసిన మాటలు వేరువేరుగా బయటపడతాయి.

అడిగే తీరులోనే ఫలితం ఉంటుంది. “ఈ పేరు బాగుందా?” అంటే మొహమాటానికి బాగుందనే చెబుతారు. అందుకే మూడు పనులు చేయించండి. మొదట ఫోన్లో పేరు ఒక్కసారి పలికి, విన్నది రాసి పంపమనండి. పది రకాల స్పెల్లింగులు వస్తే ఆ పేరు వెతికితే దొరకదు. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపి, బిగ్గరగా చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. చివర్లో, “ఇది వినగానే ఏ మాట గుర్తొచ్చింది? బడిలో పిల్లలు దీన్ని ఎలా వెక్కిరిస్తారు?” అని అడగండి. అది బేకరీ పేరని అప్పటిదాకా చెప్పొద్దు. చెప్పాక మాత్రం, “తినే వస్తువు మీద ఈ మాట చూస్తే ఎలా ఉంటుంది?” అని మరోసారి అడగండి. వేరే సరుకు మీద ఫర్వాలేదనిపించే మాట తిండి మీద చెల్లకపోవచ్చు.

ఒక ఉదాహరణ చూపించగలరా?

హైదరాబాద్‌లో పెళ్లి కేకులు, బిస్కెట్లు చేసే ఒక ఇంటి బేకరీ అనుకుందాం. చేతిలో మూడు పేర్లు ఉన్నాయి: బాసిక, నువిల, దోరవ. వాళ్లు 30వ తరగతి సరుకు, అంటే బ్రెడ్డు, కేకులు, బిస్కెట్లు అమ్ముతారు.

‘బాసిక’ పెళ్లిలో నుదుట కట్టే బాసికం నుంచి పుట్టింది. పెళ్లి కేకులకు తగిన పేరే, పలకడమూ తేలికే. హిందీ, ఉర్దూ మాట్లాడే స్నేహితురాలికి వినిపిస్తే వెంటనే నవ్వుతుంది. ‘బాసీ’ అంటే నిన్నటిది, పాచిపోయింది అని. బాసీ రోటీ అన్న మాట హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ తెలుసు. బట్టల షాపుకు ఈ పేరు పెడితే ఎవరూ పట్టించుకోరేమో గానీ, బ్రెడ్డు మీద ఇది నిలవదు. ఈ పేరు కొట్టేశారు.

‘నువిల’ భాషల పరీక్షలో బాగా నెగ్గుతుంది. కన్నడవాళ్లకు నెమలి, అంటే ‘నవిలు’ గుర్తొస్తుంది, ఇటాలియన్ వచ్చినవాళ్లకు మేఘం, అంటే ‘నువొలా’. కానీ NUVILA అని రాసి బేకరీ అరల్లో చూడండి. NU తో మొదలై LA తో ముగిసే మూడక్షరాల పేరు ఒకటి అక్కడ ఇప్పటికే ఉంది, నుటెల్లా. అది రాసే బ్రెడ్డు, నింపే కేకు మీరు చేసేవే. భాషలో దోషం లేదు, పోలికలో ఉంది. కోర్టులో చివరికి ఎవరు గెలిచినా, ఇంటి బేకరీ ఆ గొడవ భరించలేదు. దీన్నీ పక్కన పెట్టారు.

‘దోరవ’లో దోరగా కాలిన రొట్టె రంగు ఉంది. స్పానిష్‌లో ‘దొరార్’ అన్నా వంటలో ఎర్రగా వేయించడమే కావడం కలిసొచ్చిన సంగతి. తెలుగు బోర్డు మీద ఏ దోషమూ లేదు. DORAVA అని రాయగానే దీర్ఘం పోయి ‘దొరవా?’ అన్న ప్రశ్నగా మారింది. తెలంగాణలో దొర అన్న మాట వెనక గడీలు, వెట్టిచాకిరీ ఉన్నాయి. ఇది పక్క భాష వల కాదు, సొంత భాషలోనే ఉన్న వల. మొదటి ముక్క ఉంచి తోక మార్చారు: దోరిమ, DORIMA. హిందీలో ‘డోరీ’ అంటే దారం, అందులో తప్పేమీ లేదు. అడిగినవాళ్లలో ఎవరికీ చెడ్డ మాట గుర్తు రాలేదు. భాషల వరకు పేరు నెగ్గింది. ఇక రిజిస్టర్ చూడాలి.

ఆ పేరు ఇంకెవరికైనా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

భారత ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో Wordmark, Phonetic అని వేర్వేరు వెతుకులాటలు ఉంటాయి. మొదటిది అక్షరాలను చూస్తుంది, రెండోది ధ్వనిని. తరగతి 30 అని ఇచ్చి రెండూ చేయాలి. కూర్చుని తినే చోటు కూడా ఉంటే 43వ తరగతిలోనూ చూడాలి. DORIMA ఒక్కటే కొట్టి ఊరుకోకుండా DOR, DORI తో మొదలయ్యేవి, RIMA తో ముగిసేవి, DHORIMA, DOREEMA లాంటి స్పెల్లింగులు కూడా వెతకండి. DORI అని వెతికితే డోరిటోస్ కళ్లబడుతుంది. అక్కడ మొదటి ముక్క ఒకటే, చివర పూర్తిగా వేరు, సరుకు మొక్కజొన్న చిప్స్. నుటెల్లా, నువిలల అంత దగ్గర కాదు. అయినా డబ్బు కట్టే ముందు ఇలాంటివి ట్రేడ్‌మార్క్ న్యాయవాదికి చూపించడం మంచిది.

పోలికను కోర్టులు ఎలా చూస్తాయో తెలియడానికి బిస్కెట్ల కేసే ఒకటి ఉంది. ‘గ్లూకోవిటా’ అన్న గ్లూకోజ్ పొడి పేరు ఉండగా, బిస్కెట్లకు ‘గ్లూవిటా’ అన్న పేరు రిజిస్టర్ చేయమని మరో కంపెనీ అడిగింది. 1959లో సుప్రీంకోర్టు కుదరదంది. మధ్యలో ఒక అక్షరం తీసేసినంత మాత్రాన మొత్తం మీద చెవికి తగిలే పోలిక పోదని, బిస్కెట్ల తయారీలో గ్లూకోజ్ వాడతారు కాబట్టి రెండు సరుకులూ ఒకరివేనని కొనేవాళ్లు పొరబడవచ్చని చెప్పింది. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టడం పద్ధతి కాదు. ఒకటి ఎప్పుడో విని, సగం గుర్తున్న మనిషి రెండోది విన్నప్పుడు తికమకపడతాడా అన్నదే చూడాలి.

రిజిస్టర్‌లో లేనంత మాత్రాన పేరు ఖాళీ అనుకోవద్దు. రిజిస్టర్ చేయకుండానే మీకన్నా ముందు నుంచి వాడుతున్న షాపుకూ హక్కు ఉంటుంది. డెలివరీ యాప్‌లు, మ్యాపులు, ఇన్‌స్టాగ్రామ్ కూడా వెతకండి.

పేరుకు వేరే భాషలో చెడు అర్థం ఉంటే రిజిస్ట్రార్ తిరస్కరిస్తారా?

అన్నిసార్లూ కాదు. అసభ్యంగా ఉన్నవి, మత భావాలను నొప్పించేవి, జనాన్ని మోసగించేవి సెక్షన్ 9 కింద ఆగిపోతాయి. ‘పాచిపోయిన’, ‘కుక్క’ లాంటి అర్థాలు ఈ జాబితాలోకి రావు. అంటే ‘బాసిక’ రిజిస్టర్ అయిపోవచ్చు, చేతిలో సర్టిఫికెట్ కూడా ఉండొచ్చు, కొనేవాళ్లు మాత్రం మొహం తిప్పుకుంటారు. భాషల పరీక్షను మీ తరఫున ఎవరూ చేయరు.

బ్రాండును తెలుగు లిపిలో రాయిస్తే, ఆ మాట ఏ భాషదో చెప్పి, దాని ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ దరఖాస్తులో ఇవ్వాలి. హిందీ, ఇంగ్లీషు కాని ఏ లిపికైనా ఇదే నియమం. కల్పించిన మాటైతే కల్పితమని, అర్థం లేదని రాయొచ్చు.

మాకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, జీఎస్టీ ఉన్నాయి. పేరు మాదైనట్టే కదా?

కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తిండి అమ్మడానికి, జీఎస్టీ పన్ను కట్టడానికి. వెబ్‌సైట్ పేరు కొన్నా, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచినా పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు రాదు. ఆ బిల్లులు, నంబర్లు పనికొచ్చేది ఒకందుకు: ఏ తేదీ నుంచి పేరు వాడుతున్నారో రుజువు చేయడానికి. కాబట్టి మొదటి బిల్లు, మొదటి డబ్బా ఫొటో దాచుకోండి.

పేరులో ‘ఫ్రెష్’, ‘ప్యూర్’, ‘హోమ్‌మేడ్’ కలపొచ్చా?

ఆలోచించి కలపండి. ప్రకటనల మీద 2018లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం బ్రాండు పేరులో నాచురల్, ఫ్రెష్, ప్యూర్, ట్రెడిషనల్ వంటి మాట ఉండి, అది కొనేవారిని తప్పుదారి పట్టించేలా ఉంటే, ఇది బ్రాండు పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని చెప్పదు అన్న ప్రకటన కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో లేబుల్ మీద వేయాలి. అందమైన డబ్బా మీద ‘ఇది పేరుకే ఫ్రెష్’ అని రాసుకున్నట్టు ఉంటుంది. హోమ్‌మేడ్ లాంటి మాటలను పొరపాటు అభిప్రాయం కలిగించేలా వాడకూడదు. కల్పించిన పేరుకు ఈ బెడద లేదు.

ఖర్చు ఎంత? ® గుర్తు ఎప్పుడు వేయొచ్చు?

వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయల రుసుము, ఇతరులకు 9,000. న్యాయవాది ఫీజు వేరు. దరఖాస్తు TM-A ఫారంలో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరీక్షించాక అభ్యంతరాలుంటే నివేదిక పంపుతారు, దానికి నెలలోపు జవాబివ్వాలి. నెగ్గితే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చువేస్తారు. అప్పటి నుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అది దాటితే రిజిస్ట్రేషన్ వస్తుంది, పదేళ్లు ఉంటుంది, మళ్లీ పదేళ్లకు పొడిగించుకోవచ్చు.

TM అని మొదటి రోజు నుంచే వేసుకోవచ్చు. ® మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ముందే వేస్తే చట్టవిరుద్ధం.

ఏ పని ముందు, ఏది తర్వాత?

పేరు కల్పించడం, భాషల్లో అడగడం, రిజిస్టర్‌లో వెతకడం, దరఖాస్తు, ఆ తర్వాతే డబ్బాలు, బోర్డు. చాలామంది దీన్ని తిరగేస్తారు. డబ్బాలు అచ్చయ్యాక ‘బాసీ’ అన్న మాట చెవినపడితే, ఖర్చయిపోయిందన్న బాధతో అదే పేరును లాగుతారు. బోర్డు రాయించేటప్పుడు పేరు తెలుగులో కూడా రాయించండి. రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాల నిబంధనలు అది అడుగుతాయి. పైగా ‘దోరిమ’ను ఎలా పలకాలో తెలుగు వచ్చినవాళ్లకు ఆ దీర్ఘమే చెప్పేస్తుంది.